‘ఎంత పోగొట్టుకున్నారు?’ అని ముందు అడగరు

రాత్రి పదకొండు దాటింది. హాస్టల్ మేడ మీద, నీళ్ల ట్యాంక్ పక్కన ఒక కుర్రాడు. చేతిలో ఫోన్. నంబర్ కొట్టాడు, రింగ్ అయ్యేలోపే కట్ చేశాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ కట్.

అతనికి సిగ్గు ఉంది. కానీ వేలిని ఆపుతున్నది సిగ్గు కాదు, మూడు ప్రశ్నలు. పేరు చెప్పాలా? ఇంటికి ఫోన్ చేసి చెప్పేస్తారా? పోలీసులకి అప్పగిస్తారా?

బెట్టింగ్‌లో ఇరుక్కున్న చాలామంది హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయకుండా ఆగిపోయేది ఇక్కడే. అవతలివైపు ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి, జరిగేదంతా చెడ్డదే అనిపిస్తుంది. అందుకే ఈసారి ఒక కాల్ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఎలా నడుస్తుందో చూద్దాం. ఈ కుర్రాడు నిజంగా ఒక మనిషి కాదు. ఇలాంటి కాల్స్‌లో మామూలుగా వినిపించే సంగతులన్నీ కలిపి అల్లుకున్న ఉదాహరణ. ప్రశ్నలు, పద్ధతి, చట్టం మాత్రం నిజమైనవే.

నంబర్ ఏది?

మన దేశంలో ఇలాంటి కష్టానికి చేయదగ్గ ప్రభుత్వ నంబర్ 14416. పేరు టెలి మానస్. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలైంది. 24 గంటలూ పనిచేస్తుంది, కాల్‌కి డబ్బు పడదు. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి కేంద్ర స్థానం. ఇది ఒక్క బెట్టింగ్ కోసమే పెట్టిన లైన్ కాదు. నిద్ర పట్టకపోయినా, పరీక్షల భయమైనా, అప్పుల ఒత్తిడైనా ఇదే నంబర్. ఆట మానలేకపోవడాన్ని డాక్టర్లు మానసిక ఆరోగ్య సమస్యగానే చూస్తారు కాబట్టి ఆ కాల్ కూడా ఇక్కడికే.

మూడోసారి మనవాడు కట్ చేయలేదు. ముందు రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంది. తెలుగు ఎంచుకున్నాడు. కాసేపటికి మనిషి గొంతు వినిపించింది.

“నమస్తే అండి, చెప్పండి.”

అతను చెప్పలేదు. ఐదు సెకన్లు, పది సెకన్లు... నిశ్శబ్దం.

“పర్లేదండి, తొందరేం లేదు. నేను లైన్‌లోనే ఉన్నాను.”

ఈ మౌనం కౌన్సెలర్లకి కొత్త కాదు. దాన్ని మాటలతో నింపేయకూడదని వాళ్లకి శిక్షణలోనే నేర్పుతారు. చివరికి అతను అన్న మొదటి మాట: “మేడమ్, నా పేరు చెప్పకపోతే కట్ చేస్తారా?”

“చెయ్యనండి. మిమ్మల్ని ఏమని పిలవమంటారో అది చెప్పండి చాలు.”

సాధారణంగా వయసు, జిల్లా, చదువో ఉద్యోగమో అడుగుతారు. దగ్గర్లో ఏ ఆస్పత్రికి పంపాలో, మనిషి పరిస్థితి ఏమిటో అర్థం కావడానికి అవి పనికొస్తాయి. ఆధార్ నంబర్, బ్యాంకు అకౌంట్ నంబర్, యూపీఐ పిన్ లాంటివాటితో కౌన్సెలర్‌కి పనే లేదు.

మొదటి అసలు ప్రశ్న

“మేడమ్, నేను బెట్టింగ్‌లో చాలా పోగొట్టుకున్నాను” అన్నాడు. మనమైతే వెంటనే “ఎంత?” అంటాం. ఇంట్లో తెలిస్తే నాన్న అడిగేదీ అదే. కౌన్సెలర్ అడగలేదు.

“ఇప్పుడు మీరెక్కడున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?”

“మేడ మీద ఉన్నా. ఎవరూ లేరు.”

“కొంచెం కిందికి, మీ రూమ్‌లోకి వెళ్లి మాట్లాడదామా? ఫోన్ పెట్టకండి, మాట్లాడుతూనే వెళ్దాం.”

అతను మెట్లు దిగాక ఆమె సూటిగా అడిగింది. “ఇంత ఒత్తిడిలో ఉన్నప్పుడు కొంతమందికి బతకాలని లేదనిపిస్తుంది. మీకు అలాంటి ఆలోచన వచ్చిందా?”

చాలామంది ఈ ప్రశ్నకి భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అనుకుంటారు. మానసిక వైద్యంలో పనిచేసేవాళ్లు మాత్రం దీన్ని చుట్టూ తిప్పకుండా అడుగుతారు. సూటిగా అడగడం వల్ల ప్రమాదం పెరగదు. మోస్తున్న బరువుని బయటికి చెప్పే దారి దొరుకుతుంది. జవాబు ‘అవును’ అయితే తర్వాతి ప్రశ్నలు మారతాయి. ఆ ఆలోచన ఎప్పటి నుంచి ఉంది, ఈ రాత్రి ఏదైనా చేసుకోవాలనుకుంటున్నారా, ఇప్పుడు మీ దగ్గరికి రాగలిగేవాళ్లు ఎవరున్నారు? అప్పుడు అప్పుల సంగతి పక్కకి పోతుంది. మనిషి క్షేమంగా ఉండడమే పని అవుతుంది.

మనవాడి జవాబు: “నిన్న అనిపించింది మేడమ్. ఇవాళ లేదు. అందుకే ఫోన్ చేశా.”

“మంచి పని చేశారు. ఈ కాల్ మధ్యలో మళ్లీ అలా అనిపిస్తే వెంటనే నాకు చెప్పండి.”

డబ్బు గురించి ఎలా అడుగుతారు?

ఇప్పుడు ఆట సంగతి. కౌన్సెలర్ ‘ఎందుకు ఆడావు’ అనలేదు. ‘చివరిసారి ఆడిన రోజు ఏం జరిగింది, మొదటి నుంచి చెప్పండి’ అంది.

అతనికి 24 ఏళ్లు. జీతం నెలకి 28,000. ఒకటో తారీఖు సాయంత్రం జీతం పడింది. రాత్రి పదకొండుకి ఫోన్‌లో విమానం ఎగిరే ఆట తెరిచాడు. విమానం పైకి వెళ్లేకొద్దీ పెట్టిన డబ్బు పెరుగుతుంది. అది మాయమయ్యేలోపు మనం తీసేసుకోవాలి, లేకపోతే మొత్తం పోతుంది. మొదట 500 వేశాడు. పోయింది. తర్వాత 1,500. ఆ తర్వాత 3,000, 5,000, చివర్లో 8,000. రాత్రి రెండింటికల్లా 18,000 పోయాయి. మధ్యలో ఒకసారి స్క్రీన్ మీద 9,000 గెలుపు కనిపించింది. తీసుకోలేదు.

“ఎందుకు తీసుకోలేదనిపిస్తుంది?”

“అప్పటికే పది వేలు పోయాయి మేడమ్. అది మొత్తం వచ్చేస్తే ఆపేద్దాం అనుకున్నా.”

కౌన్సెలర్ వినాలనుకున్నది ఈ ఒక్క వాక్యమే. పోయినదాన్ని రాబట్టుకోవడానికి మళ్లీ ఆడడం. 500తో మొదలైన మనిషి 8,000 దాకా వెళ్లింది ఆశతో కాదు, 10,000 పోయిందన్న బాధతో. మొత్తం ఎంత పోయిందనే లెక్క కంటే, ఒక రాత్రిలో వేసిన మొత్తాలు ఇలా మెట్లెక్కాయా లేదా అన్నదే సమస్య ఎంత లోతుందో ఎక్కువ చెబుతుంది. మీ గురించి మీకు అనుమానం ఉంటే యాప్‌లో డిపాజిట్ల వరస తీసి చూడండి. ఓడినప్పుడల్లా తర్వాతి అంకె పెద్దదవుతోందా?

తర్వాత రెండు ప్రశ్నలు వచ్చాయి. “ఇంకా ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలని అనిపిస్తోందా?” “ఎంత ఆడుతున్నారో దగ్గరివాళ్లకి అబద్ధం చెప్పాల్సి వచ్చిందా?” 1997 నుంచి వాడుకలో ఉన్న చిన్న పరీక్ష ఇది. రెండింటిలో ఒక్కదానికి ‘అవును’ వచ్చినా ఇంకొంచెం వివరంగా చూడాలని అర్థం. అలా వివరంగా చూడడానికి డాక్టర్లకి తొమ్మిది లక్షణాల పట్టిక ఒకటుంది. ఆపాలని చూసి ఆపలేకపోవడం, ఆపితే చిరాకు పుట్టడం, మనసు బాగోలేనప్పుడల్లా ఆటవైపు పోవడం, ఆట వల్ల చదువో ఉద్యోగమో బంధమో దెబ్బతినడం లాంటివి అందులో ఉంటాయి. ఏడాది కాలంలో నాలుగు, అంతకంటే ఎక్కువ కనిపిస్తే దాన్ని రుగ్మతగా లెక్కిస్తారు. ఫోన్‌లో కౌన్సెలర్ ఆ ముద్ర వేయదు. అది డాక్టర్ ఎదురుగా చూసి తేల్చాల్సిన విషయం.

అప్పుల లెక్క

“మొత్తం అప్పు ఎంతుంటుంది?”

“ఒక లక్షన్నర ఉంటుందేమో మేడమ్.”

ఈ ‘ఏమో’ దగ్గర ఆమె ఆగింది. “ఒక కాగితం తీసుకోండి. ఒక్కొక్కటిగా రాద్దాం. వడ్డీలు వద్దు, ఇప్పుడు ఇవ్వాల్సింది మాత్రమే.”

బ్యాంకు పర్సనల్ లోన్‌లో మిగిలింది 1,20,000. మూడు లోన్ యాప్‌లు కలిపి 65,000. ఇద్దరు ఫ్రెండ్స్‌కి 90,000. అమ్మ గాజులు తాకట్టు పెట్టింది 80,000. కూడితే 3,55,000.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తను అనుకున్నదానికి రెట్టింపు దాటింది. మరి ఇంత బాధపెట్టే పని ఎందుకు? అంకె తెలియనంతకాలం ‘ఒక్క పెద్ద గెలుపుతో అన్నీ తీరిపోతాయి’ అన్న కల బతికే ఉంటుంది. కాగితం మీద వేరువేరుగా రాసినప్పుడు వాటిలో ఏది తొందర, ఏది ఆగగలదు అనేది కనిపిస్తుంది. ఫ్రెండ్స్‌తో మాట్లాడుకోవచ్చు. బ్యాంకుకి వెళ్లి వాయిదాలు మార్చమని అడగొచ్చు. లోన్ యాప్‌ల వాళ్లే రోజూ బెదిరిస్తున్నారు.

అక్కడ ఆమె రెండు సంగతులు చెప్పింది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదు. మీ కాంటాక్టులకి ఫోన్లు పోతుంటే ఆ స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల నంబర్ 1930కి చెప్పాలి.

హెల్ప్‌లైన్ చేయనిదేమిటో కూడా తెలియాలి. వాళ్లు అప్పు తీర్చరు, అప్పు ఇప్పించరు, యాప్ నుంచి పోయిన డబ్బు వెనక్కి తెప్పించరు. అది ఆశించి ఫోన్ చేసినవాళ్లు నిరాశ పడతారు.

ఈ రాత్రికి ఏం చేయాలి?

కాల్ ముగిసేలోపు ఆమె మూడే మూడు పనులు ఒప్పించింది. మొదటిది, ఫోన్‌లో ఆట యాప్ తీసేసి, దాని లింకులు పంపే టెలిగ్రామ్ గ్రూపుల నుంచి బయటికి రావడం. రెండోది, బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించుకోవడం. మూడోది, వచ్చే జీతం రోజు సాయంత్రం ఒంటరిగా ఉండకపోవడం. అతనికి ప్రమాదం ఒకటో తారీఖు రాత్రి పదకొండు తర్వాతే అని అతని కథలోంచే తేలింది కదా. జీతం పడగానే అద్దె, మెస్ డబ్బు కట్టేసి, మిగిలింది అక్క అకౌంట్‌కి పంపితే ఆ రాత్రి చేతిలో ఆడడానికి ఏమీ ఉండదు.

“అక్కకి చెప్పాలంటే విషయం చెప్పాలి కదా మేడమ్...”

“ఎవరో ఒకరికి చెప్పాలి. ఎవరికి, ఎప్పుడు అనేది మీ ఇష్టం. ఏమని మొదలుపెడతారో ఇప్పుడే అనుకుందామా?”

ఇద్దరూ కలిసి మొదటి వాక్యం తయారుచేశారు. “అక్కా, నేను బెట్టింగ్‌లో మూడున్నర లక్షలు అప్పు చేశాను. ఇప్పుడు నాకు డబ్బు వద్దు, నా జీతం నీ దగ్గర పెట్టుకోవాలి.” రెండో వాక్యం ముఖ్యం. డబ్బు అడుగుతున్నాడేమో అన్న భయం లేకపోతే అవతలివాళ్లు వినగలుగుతారు. ఇంట్లోవాళ్లు అప్పంతా ఒక్కసారి తీర్చేస్తే మంచిదే అనిపిస్తుంది. కానీ ఆట ఆగకముందే చేతికి డబ్బొస్తే అది మళ్లీ అక్కడికే పోయే ప్రమాదం ఉంది. అందుకే కట్టాల్సింది నేరుగా అప్పిచ్చినవాళ్లకే కట్టమంటారు.

నిద్ర బొత్తిగా లేకపోయినా, మందు కూడా తోడైనా, బతకాలని లేదనిపిస్తున్నా కాల్‌ని పై స్థాయిలో ఉన్న మానసిక నిపుణులకి కలుపుతారు, లేదా ఆస్పత్రికి వెళ్లమంటారు. తెలంగాణలో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, ఆంధ్రలో విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి అలాంటివి.

ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు మేడ మీద ఆపేసిన ఆ మూడు ప్రశ్నలకి వద్దాం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ గోప్యతని రోగి హక్కుగా రాసింది. మీ మానసిక పరిస్థితి, చికిత్స గురించి తెలిసిన వైద్య సిబ్బంది అది బయటపెట్టకూడదు. మినహాయింపులు కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి. చికిత్స కోసం ఇంకో నిపుణుడికి చెప్పొచ్చు. మీరు నియమించుకున్న ప్రతినిధికి చెప్పొచ్చు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే, ఇంకొకరికి హాని జరగబోతుంటే, ప్రజల భద్రతకి అవసరమైతే, ఆపడానికి కావలసినంత మేరకు చెప్పొచ్చు. హైకోర్టు, సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్య బోర్డు లాంటివి ఆదేశిస్తే ఇవ్వాలి.

అంటే, అమ్మ గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఈ మినహాయింపుల్లో లేదు. ఆఫీసులో అబద్ధం చెప్పి సెలవు పెట్టింది కూడా లేదు. ‘ఈ రాత్రి నేను ఉండను’ అన్నమాట మాత్రం ఉంది. అప్పుడు కౌన్సెలర్ మౌనంగా ఉండదు. మీ దగ్గరికి ఎవరినైనా పంపే ప్రయత్నం చేస్తుంది. వీలైనంతవరకు మీకు చెప్పే చేస్తుంది.

మరి పోలీసులు? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. దాని గురి ఆట నడిపేవాళ్లు, ప్రకటనలు ఇచ్చేవాళ్లు, డబ్బు లావాదేవీలు నడిపేవాళ్ల మీద. రాష్ట్ర చట్టాల్లో ఆడేవాళ్లకీ శిక్ష రాసి ఉంది, ఆ మాట దాచక్కర్లేదు. కానీ హెల్ప్‌లైన్ ఆరోగ్య సేవ, పోలీస్ స్టేషన్ కాదు. సాయం అడిగినవాడి మీద కేసు పెట్టించడం దాని పని కాదు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, శిక్షించకూడదని ఇదే 2017 చట్టంలో 115వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ మాట చెబితే కేసవుతుందన్న భయం అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లే ఫోన్ చేస్తే? వాళ్లు చెప్పేది వింటారు, వాళ్లు ఏం చేయాలో చెబుతారు. ‘మావాడు మీకు ఫోన్ చేశాడా, ఏం చెప్పాడు’ అంటే మాత్రం జవాబు రాదు. 18 నిండనివాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లకి చట్టం ప్రకారం గార్డియనే ప్రతినిధి. విషయం చికిత్స దాకా వస్తే ఇంట్లోవాళ్లు అందులోకి వస్తారు.

ఇంకా అనుమానం ఉంటే కాల్ మొదట్లోనే అడిగేయండి. “ఈ కాల్ రికార్డ్ అవుతోందా? నేను చెప్పింది ఎవరు చూస్తారు? ఏ పరిస్థితిలో బయటికి చెప్తారు?” ఇది మర్యాద తప్పడం కాదు. మంచి కౌన్సెలర్ అడగకముందే చెబుతుంది.

ఎక్కడ తేడా కొడుతుంది?

కొన్నిసార్లు లైన్ దొరక్కపోవచ్చు. కాల్ మధ్యలో కట్ కావచ్చు. మళ్లీ చేస్తే ఇంకో మనిషి ఎత్తితే కథ మొదటి నుంచి చెప్పాల్సి రావొచ్చు. కాగితం మీద లెక్క రాసుకుని ఉంటే అది రెండు నిమిషాల పని. ఒక కౌన్సెలర్ మాట మీకు నప్పకపోవచ్చు కూడా. ఇంకో రోజు మళ్లీ చేయొచ్చు.

అసలు జాగ్రత్త నకిలీల దగ్గర కావాలి. గూగుల్‌లో వెతికితేనో, టెలిగ్రామ్‌లోనో ‘బెట్టింగ్‌లో పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం’ అనే నంబర్లు దొరకొచ్చు. గుర్తుపట్టడం తేలిక. నిజమైన హెల్ప్‌లైన్ ఫీజు అడగదు, ఓటీపీ అడగదు, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమనదు, డబ్బు వెనక్కి తెస్తానని మాట ఇవ్వదు. వీటిలో ఒక్కటి వినిపించినా ఫోన్ పెట్టేయండి.

మనవాడి కాల్ నలభై నిమిషాలు సాగింది. వారం తర్వాత మళ్లీ మాట్లాడదామా అని కౌన్సెలర్ అడిగితే సరే అన్నాడు. ఆ వారంలో అక్కకి చెప్పాడు. ఆమె ఏడ్చింది, తిట్టింది, అకౌంట్ నంబర్ పంపింది. ఆ వారంలోనే ఒక రాత్రి ఫ్రెండ్ ఫోన్‌లో 700 పెట్టి ఆడాడు కూడా.

రెండో కాల్‌లో భయం భయంగా ఆ సంగతే ముందు చెప్పాడు. కౌన్సెలర్ తిట్టలేదు. “700 దగ్గర ఆగారు. ఆ తర్వాత 1,500 వెయ్యకుండా ఏం ఆపింది?” అని అడిగింది.

అతను ఆలోచించాడు. “జేబులో లేవు మేడమ్.”

“సరే, అయితే అది పనిచేస్తోంది. ఇప్పుడు ఫ్రెండ్ ఫోన్ సంగతి చూద్దాం.”